కొలత, తీర్పు: తరగతి గదిలో శరీర ద్రవ్యరాశి సూచిక

ఎనిమిదో తరగతిలో ఉపాధ్యాయుడు బరువు తూచే యంత్రం తెచ్చి, పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి, వచ్చిన అంకెను పైకి చదివి, నల్లబల్లపై రాయిస్తాడని అనుకుందాం. అతని ఉద్దేశం మంచిదే. అయినా సాయంత్రానికి ఆ అంకెల్లో ఒకటి రెండు మారుపేర్లుగా మారిపోతాయి. ఉన్న సంగతినే చెప్పిన ఉపాధ్యాయునిది తప్పవుతుందా అన్నది ఇక్కడి నైతిక ప్రశ్న. దీనికి సమాధానం చెప్పాలంటే, అతడు చెప్పినది నిజంగా ఉన్న సంగతేనా అని ముందుగా పరిశీలించాలి.

కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే శరీర ద్రవ్యరాశి సూచిక వస్తుంది. పదమూడేళ్ళ బాలిక ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 38 కిలోలు అనుకుంటే, 38ని 2.25తో భాగించగా సుమారు 16.9 వస్తుంది. గోడమీది పట్టికలో 18.5 కంటే తక్కువైతే బరువు చాలనట్టు అని ఉంటుంది. ఆ పట్టికను చూసి ‘నువ్వు బక్కగా ఉన్నావు’ అంటే అది అసత్యమే అవుతుంది. ఎందుకంటే ఆ హద్దు పెద్దలది. ఎదిగే పిల్లల సూచికను వయసును, ఆడ మగ భేదాన్ని బట్టి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం పదమూడేళ్ళ బాలిక సూచిక 14.9 కంటే తగ్గితేనే కృశత్వంగా పరిగణిస్తారు. ఆ లెక్కన ఈ బాలిక ఆరోగ్యకరమైన పరిధిలోనే ఉంది. అంటే ఆమెకు కలిగిన సిగ్గుకు శాస్త్రం ఆధారం కాదు. తప్పు పట్టికే దానికి కారణం.

హద్దు సరైనదే అయినా మరో పరిమితి మిగిలి ఉంటుంది. శరీరంలో కొవ్వు ఎంత, కండ ఎంత అన్నది ఈ సూచిక చెప్పదు. పుణెకు చెందిన వైద్యశాస్త్రజ్ఞుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి చిత్రాన్ని ప్రచురించారు. ఇద్దరి సూచికా 22.3. కాని శరీరంలోని కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. శరీర కూర్పును బోధించడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అరుదు. ఇందులో నీతిపరమైన అంశం కూడా ఉంది. ఆ ఇద్దరూ తమ శరీరాలను తామే ఉదాహరణగా ఇచ్చారు. నల్లబల్లపైకి ఎక్కిన విద్యార్థికి ఆ ఎంపిక లేదు.

ఇక భాష సంగతి. ‘వాడు లావు’, ‘అది బక్కది’ అనే తెలుగు వాక్యాల్లో క్రియ ఉండదు. క్రియ లేనందున కాలమూ ఉండదు. గుణమే మనిషి అయి కూర్చుంటుంది. ‘ఈ ఏడాది బరువు ఎత్తుకంటే వేగంగా పెరిగింది’ అన్నప్పుడు మాత్రం కర్త బరువే గాని పిల్లవాడు కాడు. పైగా ఆ వాక్యంలో మార్పుకు చోటుంది. ‘చిక్కిపోయావేం’, ‘ఒళ్ళు చేశావే’ అన్నవి మన ఇళ్ళలో ఆప్యాయతతో పలికే మాటలు. వాటినే గురుస్థానంలో ఉన్నవారు నలభైమంది ఎదుట పలికితే పరామర్శ కాస్తా తీర్పు అవుతుంది. సిగ్గు లోపల పుట్టవచ్చు గాని, అవమానానికి చూసేవారు కావాలి. ఆ చూసేవారిని సమకూర్చినది నల్లబల్లే.

అలాగని మౌనం పరిష్కారం కాదు. నిజంగా సాయం అవసరమైన బిడ్డ విషయంలో మౌనం నిర్లక్ష్యమే. కనుక పాఠాన్ని, పరీక్షను వేరుచేయడమే న్యాయమైన మార్గం. పాఠంలో కల్పిత అంకెలు చాలు. 150 సెంటీమీటర్లు, 38 కిలోలు అన్న లెక్క నేర్పడానికి ఎవరి శరీరమూ అక్కరలేదు. పరీక్ష ఆరోగ్య సిబ్బంది పని. తెర చాటున, ముందుగా ‘తూచవచ్చా’ అని అడిగి తూచాలి. అంకెను పైకి చదవకుండా రాసుకోవాలి. ఒక్క కొలతతో తేల్చక, కొన్ని నెలల తరువాత మళ్ళీ చూసి, అవసరమైతే తల్లిదండ్రులకు విడిగా తెలపాలి. వారితోనైనా ఆహారం, నిద్ర, ఆటల గురించి మాట్లాడాలి గాని ఆకారం గురించి కాదు.

పద్ధతి బెడిసిందని చెప్పే గుర్తులు చిన్నవిగానే ఉంటాయి. తూచే రోజున కొందరు బడికి రారు. కొందరు ఆ మధ్యాహ్నం అన్నం ముట్టరు. ఇతరులు నవ్వకముందే తన ఒంటిమీద తానే పరిహాసమాడే పిల్లవాడు ఒకడుంటాడు. అతడు నవ్వుతున్నాడు గనుక నొచ్చుకోలేదని అనుకోవడం పొరపాటు.

మొదటి ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది. ఉపాధ్యాయుడు అంకెను చెప్పడం తప్పు కాదు. ఆ అంకె చెప్పగలిగినదానికన్నా ఎక్కువ దానిచేత చెప్పించడం, వినే హక్కు లేనివారికి వినిపించడం తప్పు. మొదటిది సత్యానికి లోపం, రెండవది మర్యాదకు లోపం. మొదటిదాన్ని సరైన పట్టికతో దిద్దవచ్చు. రెండవదాన్ని దిద్దాలంటే నల్లబల్లను తుడిచినంత మాత్రాన చాలదు. పైనున్న అంకెలు చెరిగినా మారుపేర్లు చెరగవు.