లేఓవర్ అంటే ఏం చేయాలి?

మామునూరు నుంచి 1981 తర్వాత ప్రయాణికుల విమానాలు లేవు. ఓరుగల్లు వాళ్లు ఎక్కడికి ఎగరాలన్నా శంషాబాద్ చేరాల్సిందే. హనుమకొండ నుంచి డాలస్‌లోని కూతురి దగ్గరికి తొలిసారి వెళ్తున్న ఒక తల్లిని ఊహించుకోండి. టికెట్‌పై దోహాలో మూడు గంటల లేఓవర్ అని ఉంది. కౌంటర్‌లో ఇచ్చిన పెద్ద పెట్టె నేరుగా డాలస్‌కు పోతుందనీ, దోహాలో బయటికి వెళ్లకుండా మళ్లీ తనిఖీ దాటి రెండో విమానం గేటు వెతుక్కోవాలనీ ఆమెకెవరూ చెప్పలేదు. బోర్డింగ్ పాసుపై రెండో విమానం ఎనిమిదింటికని ఉంది. దోహాలో దిగాక చూస్తే ఆమె చేతి గడియారంలోనూ ఎనిమిదైంది. విమానం పోయిందని గుండె గుభేలుమంటుంది. నిజానికి అక్కడింకా ఐదున్నరే. పాసుపై ఉండేది అక్కడి సమయం, మనకంటే రెండున్నర గంటలు వెనక.

బోర్డింగ్ గ్రూప్ 5 అని చూసి అదే సీటనుకోవడమూ సహజమే. అది ఎక్కే వరుస మాత్రమే; ఆలస్యంగా పిలిచినా ఆమె 32ఏ సీటు ఎక్కడికీ పోదు. ఫోన్‌లో పిల్లలు చెబుతారు కదా అంటారు కొందరు. దోహాలో మన సిమ్ పనిచేయకపోతే? ఇంగ్లిష్ నేర్చుకోవాలనేది మరో మాట. ఇంగ్లిష్ చదివినవాళ్లకైనా గడియారం తేడా ఎవరో ఒకరు చెప్పాల్సిందే. అందుకే అమ్మను పంపేముందు ఆ సమయాలు, సీటు నంబరు, పెట్టె సంగతి తెలుగులో ఒక కాగితంపై రాసి చేతికివ్వండి.