ర్యాంకు ఎవరిది?

జేఈఈ, ఎప్‌సెట్ ఫలితాలు వచ్చాయంటే సికింద్రాబాద్ చౌరస్తాల్లో పిల్లల ముఖాలతో ఫ్లెక్సీలు లేస్తాయి. ఒక్కోసారి ఒకే అమ్మాయి రెండు కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద నవ్వుతూ ఉంటుంది. ఒకచోట రెండేళ్లు క్లాసులు విని ఉండవచ్చు, ఇంకోచోట టెస్ట్ సిరీస్ మాత్రమే రాసి ఉండవచ్చు. రెండు సెంటర్లూ ‘మా విద్యార్థిని’ అనే అంటాయి. ఆ ‘మా’లో ఎవరి వాటా ఎంత?

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ ప్రశ్నను సూటిగా పట్టుకున్నాయి. ఫొటో వేస్తే ర్యాంకుతో పాటు ఏ కోర్సు, ఎంతకాలం, ఫీజు కట్టారా లేదా కూడా చెప్పాలి. అభ్యర్థి రాతపూర్వక అనుమతి ఉండాలి. అదీ ఫలితం వచ్చాకే తీసుకోవాలి.

ఈ చివరి షరతు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అడ్మిషన్ రోజు ఫారం నిండా సంతకాలు పెట్టే పిల్లకు సీటు కావాలి. కాదనే బలం ఆమెకు ఉండదు. పైగా అప్పటికి తాను దేనికి ఒప్పుకుంటోందో కూడా తెలియదు. రేపటి తన ముఖాన్ని ఈరోజే రాసిచ్చేయడం ఎవరికైనా సాధ్యమా? పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రులను అడుగుతాం, అడగాలి కూడా. కానీ నాన్న సరే అన్నంత మాత్రాన ఆ అమ్మాయి సరే అన్నట్టేనా? ఆమెను విడిగా అడగాలని నా పట్టుదల.

ఊహకు ఒక క్యాప్షన్ తీసుకుందాం: ‘మా సంచలనం! ఆటోడ్రైవర్ కూతురు, కేటగిరీ ర్యాంకు 212, హాల్‌టికెట్ నంబరుతో సహా.’ కేటగిరీ ర్యాంకు వేయగానే ఆమె రిజర్వేషన్ వర్గం రోడ్డు మీదికి వచ్చింది. దివ్యాంగుల జాబితా అయితే ఆరోగ్యం బయటపడుతుంది. తండ్రి పేదరికం మనకు స్ఫూర్తి కావచ్చు, కానీ కాలేజీలో ఆమె వెంట నడిచేది ఆ ఒక్క మాటే అయితే? హాల్‌టికెట్ నంబరు మార్కుల మెమో తెరిచే తాళంచెవి లాంటిది. దాన్ని ఊరికి పంచడమెందుకు?

అదే క్యాప్షన్ ఇలా రాయవచ్చు: ‘జేఈఈ మెయిన్‌లో ఆలిండియా ర్యాంకు 4,318. మా దగ్గర ఆరు నెలల టెస్ట్ సిరీస్‌ను ఫీజు చెల్లించి రాశారు. ఆమె అనుమతితో ప్రచురిస్తున్నాం. అభినందనలు.’ ఆమె వద్దంటే పేరూ ఫొటో లేకుండానే ర్యాంకు చెప్పవచ్చు. ఇందులో ఆమె గొప్పతనం ఏమీ తగ్గలేదు, సంస్థ వాటా మాత్రం ఉన్నంతే కనబడింది.

ఇక ఆమె బ్యాచ్‌లో ర్యాంకు రాని వాళ్ల సంగతి. ఎంతమంది రాశారో, ఎంతమందికి వచ్చిందో రెండూ చెబితే ఫీజు కట్టబోయే తండ్రికి నిజం తెలుస్తుంది. కోచింగ్ సెంటర్ల పెద్దలారా, ఈసారి ఫ్లెక్సీ ప్రింటింగ్‌కు ఇచ్చే ముందు ఆ అమ్మాయికి ఒకసారి చదివి వినిపించండి.