ముద్ర చెరిపితే ఏం పోతుంది?

మంచిర్యాల జిల్లా జన్నారం వైపు ఒక గూడెంలో పోడు భూమి దరఖాస్తు తయారవుతోందనుకుందాం. తాత దాచిన పాత ఇంటి పన్ను రసీదును మనవడు ఫోన్‌లో ఫోటో తీశాడు. పంచాయతీ గుండ్రటి ముద్ర సరిగ్గా తాత పేరు మీద పడి ఉంది. యాప్‌తో ఆ ఊదా రంగు తీసేస్తే పేరు స్పష్టంగా కనబడింది. ఆ బొమ్మనే అందరికీ పంపాడు. "పేరు మన తాతదే కదా, ఇందులో అబద్ధమేముంది?" అని అడిగాడు.

పేరు అబద్ధం కాదు. కానీ ఆ పిల్లవాడు పోగొట్టింది పేరు కంటే విలువైనది. అటవీ హక్కుల చట్టం కింద ఆదివాసులకు 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమి మీదే హక్కు వస్తుంది. 2007 నియమాలు ఓటరు కార్డు, రేషన్ కార్డులతో పాటు ఇంటి పన్ను రసీదును కూడా సాక్ష్యంగా ఒప్పుకుంటాయి. ఈ రసీదు మీద తేదీ ఉన్నది ముద్రలోనే. ముద్ర పోతే ఎవరు ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో చెప్పేది ఏమీ మిగలదు. పైగా చెరిపిన జాడ కనబడితే నిజమైన రసీదునూ అనుమానిస్తారు.

భారతీయ న్యాయ సంహిత 335వ సెక్షన్ మోసపు ఉద్దేశంతో పత్రాన్ని మార్చడం గురించి చెబుతుంది. మనవడికి ఆ ఉద్దేశం లేదు. అయితే కాగితం చూసే అధికారికి అతని మనసు కనబడదు, చెరిపిన చోటే కనబడుతుంది.

మరి ఏ గుర్తునూ ముట్టుకోకూడదా? అలా కాదు. స్కానర్ యాప్ పేజీ అడుగున వేసుకునే తన పేరు తీసేయవచ్చు. అది యాప్ ప్రచారం, పత్రం గురించి ఏమీ చెప్పదు. ప్రభుత్వ గెజిట్ మీద ఏదో కోచింగ్ సెంటర్ తన పేరు అడ్డంగా వేసుకుంటే, దాన్ని చెరిపే శ్రమ కంటే అసలు గెజిట్ తెచ్చుకోవడం మేలు. ఒకరు తీసిన ఫోటో మీది పేరు మాత్రం వారి కష్టానికి గుర్తు, అడగకుండా తీయకూడదు. గ్రామసభ తీర్మానం మీద "ముసాయిదా" అని ఉంటే అసలే తీయకూడదు. సభ ఒప్పుకోనిదాన్ని ఒప్పుకున్నట్టు చూపినట్టవుతుంది.

తేడా తెలుసుకోవడానికి ఒక ప్రశ్న చాలు: ఈ గుర్తు తీసేశానని అవతలివారికి తెలిస్తే వారి నిర్ణయం మారుతుందా? మారేటట్టయితే ఆ గుర్తు పత్రంలో భాగమే.

మనవడికి దారి లేకపోలేదు. రసీదును ఉన్నదున్నట్టే జిరాక్స్ తీయించాలి. ముద్ర కింది అక్షరాలను వేరే కాగితం మీద రాసి, అది తాను చదివి రాసిందని చెప్పి జతచేయాలి. తాతను ఎరిగిన పెద్దల వాంగ్మూలం రాయించాలి, నియమాలు దాన్నీ సాక్ష్యంగా ఒప్పుకుంటాయి. అసలు రసీదు ఇంట్లోనే భద్రంగా ఉండాలి, మరకలతో, ముద్రతో సహా.