జామీను దొరకని జైలు

శిక్ష భయపెడుతుందంటారు, మారుస్తుందంటారు. కానీ మన జైళ్లలో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. ఇంకా శిక్షే పడలేదు.

దొంగతనం కేసే చూద్దాం. గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు. బెయిలు వచ్చినా జామీను ఉండేవాళ్లు కావాలి; వాళ్లు ఇంటిపన్ను రశీదో జీతం కాగితమో చూపాలి. బోడుప్పల్‌లో అద్దెగదిలో ఉండే మా కూలివాడికి ఎవరుంటారు? ఇల్లున్నవాడు బయటికొస్తాడు, మావాడు చర్లపల్లి జైల్లో మిగులుతాడు. 2024లో వచ్చిన కొత్త చట్టం, మొదటి కేసైతే మూడోవంతు కాలం గడిచాక బాండు మీద వదలమంటుంది. అంటే ఏడాది! నేరం రుజువు కాకుండానే.

మా ఎరుకలవాళ్లకిది కొత్తేం కాదు. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం పుట్టుకనే నేరమంది, స్టువర్టుపురంలో మావాళ్లను సెటిల్‌మెంటులో పెట్టింది. అది 1952లో రద్దయింది. దొంగతనం జరిగితే పోలీసులు ముందు మా గుడిసెలకే వస్తారు.