పెండ్లిచూపులలో ఏమి అడుగవలెను?

ధ్యాన భాగము: ఆదికాండము 24వ అధ్యాయము



మన గ్రామములలో పెండ్లిచూపులు ఎట్లు జరుగునో మీరెరుగుదురు. పెద్దలు వరండాలో కూర్చుందురు. చిన్నది టీ కప్పుల పళ్లెము తెచ్చి తల వంచుకొని నిలుచును. "ఏమి చదివినావమ్మా? వంట వచ్చునా? ఒక కీర్తన పాడుము" అందురు. చిన్నవానిని "జీతమెంత బాబూ?" అని అడుగుదురు. అరగంటలో అంతయు ముగియును. జీవితమంతయు కలిసి బ్రదుకవలసిన ఆ యిద్దరు మాత్రము ఒకరినొకరు ఒక్క మాటయైనను అడుగకయే లేచిపోవుదురు.

ఒకవేళ వారిని మాటలాడనిచ్చినను, "మీకు దైవభక్తి కలదా? పెద్దలను గౌరవింతురా?" అని అడుగుకొందురు. ఆ ప్రశ్నకు లేదని చెప్పువాడెవడు? అందరు ఒకే జవాబు చెప్పు ప్రశ్నవలన ఎవరి గుణమును తెలియదు.

అబ్రాహాము దాసుడు ఏమి చేసెనో చూడుడి. ఇస్సాకునకు భార్యను వెదకుచు అతడు పది ఒంటెలతో నాహోరు పట్టణపు బావియొద్దకు వచ్చెను. రిబ్కాను చూచి "నీవు దయగలదానవా?" అని అడుగలేదు. కొంచెము నీళ్లిమ్మని అడిగెను. ఆమె అతనికిచ్చి, తనంతట తానే ఒంటెలకును చేదుటకు పరుగెత్తెను. బాగుగా దప్పిగొనిన ఒంటె ఒక్కటియే సుమారు నూరు లీటర్ల నీళ్లు త్రాగగలదు. పది ఒంటెలకు చేదుట ఎంత పనియో బావినుండి నీళ్లు మోసిన మన స్త్రీలకు వేరుగా చెప్పనక్కరలేదు. అంతవరకు అతడు మౌనముగా చూచుచుండెను. "నీవు ఎవరి కుమార్తెవు? మీ యింట బస చేయుటకు స్థలమున్నదా?" అను సంగతులు తరువాతనే అడిగెను.

ఇందులో మనకొక పాఠమున్నది. నీవు ఎట్టివాడవని అడుగకుము. నీవు ఏమి చేసితివని అడుగుము. ఈ రీతిగా అడుగదగిన మూడు ప్రశ్నలను ఒక ఉదాహరణతో చూతము. ఒక చిన్నవాడు విజయవాడలో ఎలక్ట్రీషియను, జీతము 24,000 రూపాయలు. ఒక చిన్నది ఆసుపత్రిలో నర్సు, జీతము 18,000 రూపాయలు అనుకొందము.

మొదటి ప్రశ్న: "పోయిన నెల మీ జీతము ఎక్కడెక్కడికి వెళ్లినది?" జీతమెంత అని అడిగిన ఒక అంకె మాత్రమే తెలియును. ఎక్కడికి వెళ్లినదని అడిగిన ఇల్లంతయు కనబడును. చిన్నవాడు, "గది అద్దె 6,000, అమ్మకు 7,000, అక్క పెండ్లికి తెచ్చిన అప్పు వాయిదా 5,000, తిండికిని ప్రయాణమునకును 4,000, మిగిలినది 2,000. ఆ వాయిదా ఇంక 30 నెలలున్నది" అని చెప్పెననుకొందము. చిన్నది కూడ దాచకుండ, "చదువు అప్పునకు 4,000, తమ్ముని కాలేజీకి 8,000, హాస్టలుకును తిండికిని 6,000" అని చెప్పవలెను. ఇప్పుడు అసలు ప్రశ్న పైకి వచ్చుచున్నది: పెండ్లియైన తరువాత తమ్ముని 8,000 సాగునా, ఆగునా? "చదువు ముగియువరకు ఇచ్చెదము, అందాక మనము స్థలము కొనలేము" అన్నవాడు తాను ఏమి వదలుకొనుచున్నాడో లెక్కచూచి చెప్పుచున్నాడు. "మన మధ్య డబ్బు మాటలెందుకు?" అన్నవాడు తీయగా మాటలాడెను గాని జవాబు చెప్పలేదు. ఆ జవాబు పెండ్లియైన మూడవ నెలలో తగవై బయటికి వచ్చును.

రెండవ ప్రశ్న: "మనము ఎక్కడ, ఎవరితో కాపురముందుము?" దాసుడు బయలుదేరక ముందే ఈ సంగతి అబ్రాహాముతో తేల్చుకొనెను. ఆ స్త్రీ ఇక్కడికి వచ్చుటకు ఇష్టపడనియెడల ఇస్సాకును అక్కడికి తీసికొనిపోవలెనా అని అడిగి, కూడదని తెలిసికొన్న తరువాతనే ప్రయాణమయ్యెను. మనము దీనిని పెండ్లి తరువాతకు వదలుదుము. "ఉద్యోగము చేయుటకు అభ్యంతరము లేదు" అను మాట చాలదు. ఆ నర్సు ఇట్లు అడుగవలెను: "నేను రాత్రి డ్యూటీ చేసి తెల్లవారి వచ్చిన దినమున ఇంటిలో పొయ్యి ఎవరు వెలిగింతురు?" "మా అమ్మ చూచుకొనును" అనినయెడల, "అమ్మగారు ఈ మాటకు ఒప్పుకొనిరా?" అని మెల్లగా అడుగవలెను. అమ్మగారు ప్రక్కనే ఉన్నయెడల ఆమె ముఖమే జవాబు చెప్పును.

మూడవ ప్రశ్న: "ఈమధ్య ఇంటిలో మీ మాటకును నాన్నగారి మాటకును తేడా వచ్చినప్పుడు ఏమి జరిగెను?" "మా యింట తేడాలే రావు" అనునది మంచి జవాబువలె వినబడును. అయితే అట్టి యింటిలో ఒక్కరే మాటలాడుదురేమో, మిగిలినవారు ఊరకుందురేమో చూడవలెను. "బండి కొనుట విషయములో రెండు దినములు మాటలు లేవు, తరువాత నేనే వెళ్లి మాటలాడితిని" అన్నవాడు జరిగినది చెప్పుచున్నాడు. కోపము ఎంతసేపు నిలుచునో, ముందు ఎవరు తగ్గుదురో, చెయ్యి లేచునో లేదో ఇట్టి జవాబులో తెలియును.

వినునప్పుడు మూడు గురుతులు చూడుడి. జవాబులో దినము, పని, మనిషి ఉన్నవా? అడిగినవారికి బదులు తల్లియో మేనమామయో జవాబు చెప్పుచున్నారా? ప్రతిదానికి "దేవుని చిత్తము" అని దాటవేయుచున్నారా? దేవుని చిత్తమును వెదకిన ఆ దాసుడు కన్నులు మూసికొనలేదు; కనిపెట్టి చూచెను.

అడుగకూడని ప్రశ్నయు ఒకటి కలదు: "ఏమి ఇచ్చెదరు?" 1961వ సంవత్సరపు వరకట్న నిషేధ చట్టము ప్రకారము కట్నము అడుగుటయే నేరము. అబ్రాహాము దాసుడు ఆ యింట ఏమియు అడుగలేదు, తానే కానుకలిచ్చెను.

ఈ ప్రశ్నలకును ఒక హద్దు కలదు. త్రాగుడు, జూదము, దాచిన జబ్బు, దాచిన అప్పు అరగంటలో బయటపడవు. అందుకు అతడు పనిచేయు చోటను, ఆమె చదివిన చోటను, అద్దెకున్న వీధిలోను, వారి సంఘకాపరియొద్దను విచారింపవలెను. రెండవసారియు కలిసికొననీయవలెను. గుడిలో వివాహ ప్రకటన చదివిన తరువాత వెనుదీయుట ఇరుకుటుంబములకును కష్టము. కాబట్టి విచారణ అంతయు దానికి ముందే ముగియవలెను.

చివరి సంగతి. లాబానును బెతూయేలును ఈ కార్యమునకు ఒప్పుకొనిరి. అయినను మరునాడు ప్రయాణపు మాట వచ్చినప్పుడు, ఇంటివారు రిబ్కాను పిలిచి, ఈ మనుష్యునితో వెళ్లుదువా అని ఆమెనే అడిగిరి. ఆమె తన నోటితోనే వెళ్లెదనని చెప్పెను. మనమును పిల్లలిద్దరిని, పెద్దల కంటికి కనబడునట్లును చెవికి వినబడకుండునట్లును, వరండా చివర కొంతసేపు కూర్చుండనీయవలెను. అప్పుడు ఒకరినొకరు ఇట్లు అడుగవచ్చును: "ఈ సంబంధము వద్దని మీరు చెప్పియుంటే ఇంటిలో ఏమి జరిగియుండును?" ఆ ప్రశ్నకు చిన్నది కన్నీళ్లు పెట్టుకొనినను, చిన్నవాడు నేల చూచి ఊరకుండినను, ఆ సంబంధమును అక్కడనే ఆపవలెను.

తండ్రులారా, తల్లులారా, ఈ రాత్రి మీ యింటి పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మీరే ముందుగా ఈ ప్రశ్న అడుగుడి. అవునను మాటను వినుటకు ఎంత సిద్ధముగా నున్నారో, కాదను మాటను వినుటకును అంత సిద్ధపడి అడుగుడి. ప్రభువు మీ యిండ్లను దీవించును గాక. ఆమేన్.