ఐదు వాక్యాలు

నాన్న పోయిన పదిహేనో రోజున ఇంటర్నెట్ కనెక్షన్ తీసేయమని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. "ఎందుకు తీసేస్తున్నారు సార్, స్పీడు రావట్లేదా?" అని అడిగిందా అమ్మాయి. చెప్పాను. "అయ్యో, సారీ సార్" అని ఇంకో విభాగానికి కలిపింది. అక్కడా అదే ప్రశ్న. మూడో గొంతు మూడు నెలలు సగం ధరకే ఇస్తానంది. "మా నాన్నగారు చనిపోయారండీ" అని మూడోసారి అనేసరికి, పక్క గదిలో పడుకున్న అమ్మ లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

ఆ పిల్లలను తప్పుపట్టి లాభం లేదు. వాళ్లకు ముందు వినిపించింది 'తీసేయండి' అన్న మాట. ఆ మాట వినగానే, వెళ్లిపోయేవాణ్ణి ఆపడమే ఉద్యోగమైన వాళ్ల దగ్గరికి ఫోన్ పంపిస్తారు. కారణం ముందే చెప్పి ఉంటే దారి వేరేగా ఉండేది. ఇక ఫోన్లు మానేసి, నాన్న పేరున ఖాతా ఉన్న కంపెనీలన్నిటికీ ఉత్తరం రాయాలనుకున్నాను.

మొదటిసారి రాసింది అరపేజీ వచ్చింది. ఆసుపత్రి, వెంటిలేటరు, చివరి రెండు రోజులు అన్నీ అందులోకి వచ్చేశాయి. ముందు కథంతా చెప్పుకుని చివర్లో కోరిక బయటపెట్టడం మనకు అలవాటు. చదివే గుమస్తాకు ఆ కథతో పని లేదు. రాసే నాకు మాత్రం కంపెనీకొకసారి నాన్న చనిపోతాడు. మాట కూడా కుదరలేదు. 'పోయారు' మా ఇంటి మాట, 'పరమపదించారు' శుభలేఖ లాంటి కార్డు మీది మాట. చివరికి 'మరణించారు' దగ్గర ఆగాను. ధ్రువపత్రం మీద ఉన్న మాట అది. దానికి దుఃఖం అంటుకుని లేదు. అందుకే పదిసార్లు రాసినా చెయ్యి వణకలేదు.

మిగిలింది ఇది:

"విషయం: ఖాతాదారు మరణం – కనెక్షన్ మూసివేత. ఫలానా నెంబరు ఖాతాదారు, మా తండ్రి, ఫలానా తేదీన మరణించారు. మరణ ధ్రువపత్రం, నా గుర్తింపు కార్డు నకళ్లు జతపరిచాను. ఈ రోజు నుంచి కనెక్షన్ మూసివేయండి. చివరి బిల్లు, తిరిగి రావలసిన డిపాజిట్ వివరాలు ఈ ఈమెయిల్‌కు పంపండి. పథకం మార్పు గానీ, ఫోన్ సంభాషణ గానీ అవసరం లేదు."

నన్ను కాపాడింది ఆఖరి వాక్యం. మొదట్లో మొరటుగా ఉందేమోనని కొట్టేశాను. ఒక కంపెనీ మళ్లీ ఫోన్ చేశాక తిరిగి చేర్చాను. 'ఈ రోజు నుంచి' అన్నది కూడా ఊరికే రాసింది కాదు. తేదీ లేకపోతే మన ఉత్తరం వాళ్ల బల్ల మీద ఉన్నన్నాళ్లూ బిల్లు నడుస్తూనే ఉంటుంది. ధ్రువపత్రం నకలు మీద 'ఈ కనెక్షన్ మూసివేతకు మాత్రమే' అని అడ్డంగా రాసి తేదీ వేసేవాణ్ణి. నాన్న కాగితం ఊరంతా తిరగడం ఇష్టం లేక.

కరెంటుకు ఈ ఉత్తరం పనికిరాదు. అక్కడ ఖాతాదారు పోయినా ఇల్లు ఉంటుంది. కాబట్టి 'మూసివేత' తీసేసి 'పేరు మార్పు' అని రాయాలి. ఆ ఒక్క మాట పొరపాటున అలాగే వదిలేస్తే ఇంట్లో దీపం ఆరిపోతుంది.

నేను తడబడింది వరసలో. బ్యాంకుకు ముందు చెప్పేశాను. వాళ్లు ఖాతా ఆపగానే నెలనెలా దానంతటదే డబ్బు కట్ అయ్యే సినిమా యాప్, పత్రిక చందాల చెల్లింపులన్నీ తిరిగొచ్చాయి. 'మీ చెల్లింపు విఫలమైంది' అంటూ నాన్న ఫోన్‌కు మెసేజీలు మొదలయ్యాయి. ఆయన ఫోన్‌లో ఆటోపే జాబితా చూసి, ముందు ఆ చందాలు మూయించి, తర్వాత బ్యాంకుకు వెళ్లి ఉండాల్సింది. ఫోన్ నెంబరు అన్నిటికన్నా చివర. గ్యాసు, కరెంటు, చందాలు, అందరి కబుర్లూ దానికే వస్తాయి. (ఆ నెంబరుకు వచ్చే ఓటీపీలతో డబ్బు తీయడం మాత్రం తప్పు, నామినీకి బ్యాంకు దారి వేరే ఉంది.)

కరెంటు బిల్లు అమ్మ పేరున వచ్చిన నెలలో ఫోన్ కంపెనీకి అవే ఐదు వాక్యాలు పంపాను.

"ఆ నెంబరు ఇంకెవరికైనా ఇస్తార్రా?" అని అడిగింది అమ్మ.

"ఇస్తారమ్మా. మూసేశాక 90 రోజుల దాకా ఇవ్వరు, ఆ తర్వాత ఎవరికైనా ఇవ్వొచ్చు."

తన ఫోన్ నా చేతికిచ్చింది. పొరపాటున వేలు తగిలి ఎవరో పరాయివాళ్లు ఎత్తితే బాగుండదని, నెంబరు తీసేసి పేరు ఒక్కటీ ఉంచమంది. అలాగే ఉంచాను.