కనిపించని చోట ఏం గీయాలి?

పోయిన మనిషికి ఒక్క ఫోటోయే మిగిలినప్పుడు, దాన్ని చూసి బొమ్మ గీసేవాడు అందులో కనిపించని దాన్ని ఏం చెయ్యాలి? ఇది చిత్రకళకు చెందిన ప్రశ్నలా ఉంటుంది గాని, నిజానికి సాక్ష్యానికి చెందినది. కాలక్రమాన ఫోటో వెలిసిపోతుంది, బొమ్మ గోడ మీద నిలుస్తుంది. తర్వాత పుట్టిన పిల్లలకు అవ్వ అంటే ఆ బొమ్మే.

హోసూరు దగ్గర ఒక కుటుంబం రిటైరైన డ్రాయింగు మాస్టరుకు ఇచ్చిన పని చూద్దాం. ఇంటి పెద్దావిడ పాస్‌పోర్టు సైజు ఫోటో ఒక్కటే ఉంది. వెడల్పు మూడున్నర, ఎత్తు నాలుగున్నర సెంటీమీటర్లు. ఒక చెంప వెలుగులో తెల్లబారిపోయింది. రెండో వైపు చెవి, మెడ నల్లని కొంగులో కలిసిపోయాయి. ఎనిమిది రెట్లు పెంచి, బొగ్గుతో బొమ్మ కావాలన్నారు.

ఆయన ఫోటో మీద పారదర్శకమైన షీటు పరిచి, అర సెంటీమీటరు గళ్లు గీశారు. అడ్డం ఏడు, నిలువు తొమ్మిది. కాగితం మీద అవే గళ్లు నాలుగేసి సెంటీమీటర్లు. ఈ గళ్లను పెన్సిలుతో తేలిగ్గా గీయాలి. నొక్కి గీస్తే కాగితంలో గాడి పడుతుంది, బొగ్గు అందులోకి దిగక తర్వాత తెల్లగీతగా బయటపడుతుంది. ఇక్కడ అర మిల్లీమీటరు తప్పితే అక్కడ నాలుగు మిల్లీమీటర్లు తప్పుతుంది. కన్ను అంత జరిగితే మనిషే మారిపోతుంది. బొమ్మను అద్దంలో చూస్తే ఆ వంకర ఇట్టే తెలుస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఫోటోలో నాలుగు మిల్లీమీటర్లున్న కన్ను కాగితం మీద మూడు సెంటీమీటర్లు దాటుతుంది. ఫోటోలో రెప్పవెంట్రుకలు లేవు. వాటిని పెడితే అవి ఎవరివి? అలవాటైన చెయ్యి తనకు తెలిసిన వేరే కన్ను నుంచి తెచ్చి పెడుతుంది. బొమ్మ అందంగా ఉంటుంది, కాని అది ఆమె కన్ను కాదు.

దీనికి జవాబు గీత బరువులోనే ఉంది. ముఖం చుట్టూ ఒకే మందాన గీత తిప్పితే రేకు కత్తిరించినట్టుంటుంది. బ్యాంకులో సంతకాలు పోల్చి చూసేవాళ్లకు ఇది తెలుసు: చూసి రాసిన దొంగ సంతకంలో ఒత్తిడి మొదటి నుంచి చివరిదాకా ఒకటే. పైరెప్ప కింద, పెదవులు కలిసే చోట, గడ్డం కింద మాస్టరు గీత బరువుగా పడింది. వెలుగు తిన్న చెంప దగ్గర సన్నబడి, తెగిపోయింది. చెవి దగ్గర అంచే లేదు, నీడలో నీడ. బరువైన గీత ‘చూశాను’ అంటుంది. తెగిన గీత ‘ఇంతవరకే చూశాను’ అంటుంది.

ముడతల్లోనూ ఇదే న్యాయం. ముడత గీత కాదు, చిన్న మడత. ఒక పక్క నీడ, రెండో పక్క వెలుగు ఉంటాయి. గీతలుగా గీస్తే పదేళ్ల వయసు అదనంగా వస్తుంది. వేలితో పాముతూ పోతే చర్మం మైనంలా మారి వయసే పోతుంది. రెండూ అబద్ధాలే.

కాగితం కూడా అబద్ధమాడగలదు. మరీ నునుపైతే బొగ్గు నిలవదు. మరీ గరుకైతే పల్లాల్లో తెల్లచుక్కలు మిగిలి, ఆమెకు లేని మశూచి మచ్చలు చెంప మీద కనిపిస్తాయి. అందుకే మాస్టరు మధ్యరకం గరుకు తీసుకున్నారు. చెంప మీద చుట్టిన కాగితపు పుల్లతో బొగ్గును పల్లాల్లోకి అద్దారు, కొంగు మీద గరుకును అలాగే వదిలేశారు. ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ సెరా 1880ల్లో, కుట్టుపని చేసుకుంటున్న తన తల్లిని గరుకు కాగితం మీద దాదాపు గీతే లేకుండా, నల్లని క్రేయాన్ నీడలతోనే చూపించాడు.

చివరికి పెద్దకొడుకు అడిగాడు: “సార్, నాయన ఉన్నప్పటి మాదిరి అమ్మకు బొట్టు పెట్టండి.”

నలభై ఏళ్లు పెట్టుకున్న బొట్టే కదా, అందులో అబద్ధమేముంది? ఈ వాదనలో బలముంది. ఫోటో మాత్రం ఏపాటి నిజం? ఒక రోజున, రెప్పపాటులో చిక్కిన ముఖం. కళ్లారా చూసినవాళ్ల జ్ఞాపకం కూడా సాక్ష్యమే. చెవితమ్మె సాగి ఉండేదని కూతురు చెబితే, దాన్ని తేలికగా సూచించి, బొమ్మ వెనక ‘కూతురి జ్ఞాపకం’ అని రాయవచ్చు. ఊహకూ జ్ఞాపకానికీ తేడా అదే. జ్ఞాపకానికి చెప్పినవాళ్లుంటారు.

మాస్టరు మాత్రం కూతురి వైపు తిరిగి, ఆమె బొట్టు ఎందుకు మానిందని అడిగారు. “మేము ఎంత చెప్పినా పెట్టుకోలేదు సార్. ‘ఇంక నాకొద్దు’ అనింది.”

దాంతో ప్రశ్న మారిపోయింది. చెవి ఫోటోకు అందనిది, బొట్టు ఆమె వద్దనుకున్నది. ఫోటో వదిలేసిన దాన్ని పూరించవచ్చునేమో గాని, మనిషి వదిలేసిన దాన్ని తిరిగి పెట్టే హక్కు కొడుకు ప్రేమకు కూడా లేదని నా అభిప్రాయం. ఆమె వద్దన్నది ఆచారానికి తలవంచి కావచ్చు, మనసు విరిగి కావచ్చు. అడుగుదామంటే ఆమె లేదు. లేని మనిషి తరఫున నిలబడేది ఆ బొమ్మ ఒక్కటే.

మాస్టరు నుదుటి మీద బొగ్గు తాకించలేదు. అక్కడ ఉన్నది ఉత్త కాగితం.